ఒక నిమిషం శ్వాస వీడియో: ఏ లెక్క పట్టాలి, గొంతు ఎంత వాడాలి, తెర మీద ఏం పెట్టాలి?

నిమిషం నిడివి ధ్యానం షార్ట్‌ని ఎవరూ ఒక్కసారి చూసి వదలరు. షార్ట్స్‌లో గానీ రీల్స్‌లో గానీ వీడియో అయిపోగానే దానంతట అదే మళ్లీ మొదలవుతుంది. వేలు కదపకపోతే మూడు నాలుగు నిమిషాలు అందులోనే గడిచిపోతాయి. వంట వీడియోకో పాటకో ఇది అదనపు లాభం, కానీ ఊపిరి లెక్కపెట్టించే వీడియోకి అసలు చిక్కు ఇక్కడే ఉంది. అరవయ్యో సెకను దగ్గర వినేవాళ్ల ఛాతీ ఏ స్థితిలో ఉందో, సున్నా సెకను దగ్గర మీ గొంతు ఏం అడుగుతోందో, ఆ రెండూ అతకాలి. సగం గాలి పీల్చుకున్న మనిషికి మళ్లీ "పీల్చండి" అని వినిపిస్తే, దృశ్యం ఎంత ప్రశాంతంగా ఉన్నా ఆ క్షణాన లయ తెగిపోతుంది. రెండోసారి కూడా అలాగే జరిగితే వేలు పైకి తోసేస్తుంది.

అందుకే ముందు శ్వాస లెక్క తేల్చుకోవాలి, తర్వాత గొంతు, అన్నిటికన్నా చివర దృశ్యం. చాలామంది ముందు అందమైన మంచు కొండల వీడియో ఒకటి దించుకుని, దాని మీద గొంతు పెట్టి, లెక్కని మిగిలిన జాగాలో ఇరికిస్తారు. అతుకు దగ్గర కుదుపు వచ్చేది అలాంటి వాటిలోనే.

అరవైలో ఇమిడేది ఏది

బాగా వాడుకలో ఉన్న పద్ధతులు నాలుగైదే. వాటిని మంచి చెడ్డలతో కాక, ముందు అరవైతో భాగించి చూడండి.

బాక్స్ బ్రీతింగ్ అంటే నాలుగు సెకన్లు పీల్చడం, నాలుగు పట్టి ఉంచడం, నాలుగు వదలడం, నాలుగు ఖాళీగా ఆగడం. ఒక చుట్టుకి 16 సెకన్లు. అరవై సెకన్లలో మూడు చుట్లు పూర్తయ్యేసరికి 48 సెకన్లు గడుస్తాయి. మిగిలిన 12 సెకన్లలో పీల్చడం, పట్టడం, వదలడం అయిపోతాయి, ఖాళీగా ఆగాల్సిన ఆఖరి నాలుగు సెకన్లు మాత్రం మిగలవు. వీడియో మొదటికి పోయి వెంటనే పీల్చమంటుంది. ఇది మరీ పెద్ద తప్పేమీ కాదు, ఎందుకంటే వదిలిన తర్వాత పీల్చడమే కదా. కానీ కళ్లు మూసుకుని లయలో పడ్డ మనిషికి నిమిషానికొకసారి మెట్టు తప్పినట్టుంటుంది. బాక్స్ పద్ధతే కావాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, మూడు చుట్లతో 48 సెకన్ల వీడియో చేయడం. రెండోది నాలుగుకి బదులు మూడేసి సెకన్లు పెట్టడం. అప్పుడు చుట్టుకి 12 సెకన్లు, నిమిషానికి సరిగ్గా అయిదు చుట్లు. నాలుగు చుట్లతో 64 సెకన్లు చేయవచ్చు కదా అనిపించవచ్చు. 2024 అక్టోబర్ నుంచి యూట్యూబ్ షార్ట్స్ మూడు నిమిషాల దాకా ఒప్పుకుంటోంది కూడా. అయితే నిమిషం దాటిన షార్ట్‌లో ఎవరైనా హక్కులు అడిగే సంగీతం ఉంటే వీడియోనే ఆపేస్తారు. వెనక వాడిన ధ్వని మీ సొంతం కాకపోతే అరవై దాటకపోవడమే మేలు.

4-7-8 పద్ధతిని అమెరికా వైద్యుడు ఆండ్రూ వైల్ ప్రచారంలోకి తెచ్చారు. నాలుగు పీల్చి, ఏడు పట్టి, ఎనిమిది వదలాలి. చుట్టుకి 19 సెకన్లు, మూడు చుట్లకి 57. మిగిలిన మూడు సెకన్లలో ఛానల్ గుర్తు పెట్టేద్దామన్న ఆశ పుడుతుంది. ఎనిమిది సెకన్లు గాలి వదిలి ఊపిరితిత్తులు ఖాళీ చేసుకున్న మనిషిని మరో మూడు సెకన్లు ఏమీ చెప్పకుండా నిలబెట్టినట్టవుతుంది అది. ఈ పద్ధతి ఎంచుకుంటే వీడియోని 57 సెకన్లకే కత్తిరించండి. తెలుగులో దీనికి ఇంకో ఇబ్బంది ఉంది, గొంతు దగ్గర చెప్పుకుందాం.

మన ప్రాణాయామంలో పీల్చే పూరకం, పట్టి ఉంచే కుంభకం, వదిలే రేచకం ఒకటికి నాలుగు, నాలుగుకి రెండు నిష్పత్తిలో ఉంటాయని పాఠంగా చెబుతారు. నాలుగు సెకన్ల పూరకం పెడితే కుంభకం 16, రేచకం 8, మొత్తం 28. గురువు ఎదురుగా కూర్చుని నెలల తరబడి పెంచుకుంటూ పోయే అభ్యాసం అది. ముక్కూమొహం తెలియని వాళ్లకి షార్ట్‌లో పెట్టదగింది కాదు.

ఇక మిగిలినవి పది సెకన్ల చుట్లు: 5-5, 4-6. నిమిషానికి ఆరు ఊపిర్లు, అతుకు దానంతట అదే కుదురుతుంది. పది సెకన్లు లెక్కకి అనువు కాబట్టి మాత్రమే ఎంచుకున్నది కాదు. పెద్దవాళ్లు ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. దాన్ని ఆరుకి తగ్గిస్తే ఊపిరి లయ, గుండె లయ, రక్తపోటు లయ ఒకదానితో ఒకటి కలుస్తాయి. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ పరిశోధకుడు లూచానో బెర్నార్డి బృందం ప్రచురించిన వ్యాసంలో ఇది కనిపిస్తుంది. లాటిన్‌లో జపమాల ప్రార్థన చేసినా, యోగ మంత్రం జపించినా ఊపిరి దానంతట అదే నిమిషానికి సుమారు ఆరుకి దిగిందని వాళ్లు చూపారు.

5-5కీ 4-6కీ మధ్య ఎంచుకోవడానికి చూసేవాళ్లు ఏ వేళ చూస్తారో ఆలోచిస్తే చాలు. రాత్రి పడుకునే ముందు చూసే వీడియోకి 4-6 బాగుంటుంది. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. వదలడానికి ఎక్కువ సేపు ఇస్తే నెమ్మదించే వాటా పెరుగుతుంది. పగటిపూట, పని మధ్యలో, మత్తు రాకుండా కుదురుకోవడానికి 5-5 చాలు. పైగా పీల్చడం, వదలడం సమానం కాబట్టి బొమ్మ కదలిక చేయడం కూడా సులువు. పట్టి ఉంచడం కావాల్సిందే అనుకుంటే 4-2-6 పెట్టండి. చుట్టుకి 12 సెకన్లు, నిమిషానికి అయిదు. రెండు సెకన్ల పట్టు ఎవరినీ ఇబ్బంది పెట్టదు. ఏడు సెకన్ల పట్టు అలా కాదు. గర్భిణులు, గుండె జబ్బు గానీ రక్తపోటు గానీ ఉన్నవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు కూడా మీ వీడియో చూస్తారు. ఎవరు చూస్తున్నారో మీకు తెలియనప్పుడు పొడవైన పట్టు జోలికి పోకపోవడం మంచిది.

మాట ఎంత, మౌనం ఎంత

గొంతు విషయంలో అసలు ఎంపిక ఒక్కటే: సెకన్లు లెక్కపెట్టడమా, ఊపిర్లు లెక్కపెట్టడమా?

సెకన్లు లెక్కపెడితే నిమిషంలో అరవై అంకెలు చెప్పాలి. కొత్తవాళ్లకి ఇది ఊతకర్రలా పనిచేస్తుంది, కళ్లు మూసుకున్నా దారి తప్పరు. కానీ మూడో లూప్ వచ్చేసరికి గొంతు గోలగా మారుతుంది. తెలుగు అంకెల తీరు కూడా ఇక్కడ తేడా తెస్తుంది. రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు అన్నవి రెండక్షరాల మాటలు. ఒకటి, నాలుగు మూడక్షరాలవి. ఎనిమిది మాత్రం నాలుగక్షరాలు. సెకనుకొక అంకె చొప్పున మెల్లగా చదువుతూ పోతే ఆరు దాకా హాయిగా సాగుతుంది, ఎనిమిది దగ్గర ఒక్కసారిగా పరుగెత్తాల్సి వస్తుంది. 4-7-8లో ఈ ఎనిమిది పడేది ఊపిరి పూర్తిగా ఖాళీ అవుతున్న చోట, అంటే గొంతు అన్నిటికన్నా నెమ్మదిగా ఉండాల్సిన చోట. సాగదీద్దామా అంటే దానికీ ఒక అడ్డం ఉంది. 'రెండు'ని 'రెండూ' అనీ 'మూడు'ని 'మూడూ' అనీ లాగితే మనకి వేరే అర్థం వినిపిస్తుంది, రెండూ కావాలి అన్నట్టు. అంకెని పొట్టిగా అనేసి, దాని తర్వాత మౌనం ఉంచడమే మార్గం.

ఊపిర్లు లెక్కపెడితే నిమిషానికి ఆరే అంకెలు. ఒక ఊపిరి పూర్తవుతుంటే ఒక అంకె. మధ్యలో సెకన్ల పని బొమ్మ చూసుకుంటుంది, కళ్లు మూసుకున్నవాళ్లకి వెనక ధ్వని చూసుకుంటుంది. లూప్ అయ్యే వీడియోకి ఇదే తగిన పద్ధతి. సెకన్ల లెక్కని పది నిమిషాల పాఠాలకి వదిలేయండి. అక్కడ మొదటి రెండు నిమిషాలు లెక్క చెప్పి ఆపేయవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు. ప్రతి అరవై సెకన్లకీ మొదటి నిమిషమే మళ్లీ వస్తుంది.

"కళ్లు మూసుకోండి, నిటారుగా కూర్చోండి" లాంటి ముందుమాట కూడా ఇదే కారణంతో పనికిరాదు. మొదటిసారి వినడానికి బాగుంటుంది, మూడోసారి ఇప్పటికే కూర్చున్న మనిషిని మళ్లీ కూర్చోమన్నట్టుంటుంది. ఆ మాట వివరణలో రాయండి. గొంతులో చెప్పే ప్రతి మాటా పదోసారి విన్నా అబద్ధం కాకుండా ఉండాలి. "భుజాలు వదులుగా" అన్నది అలాంటి మాట. ఎన్నిసార్లు విన్నా భుజాలు మళ్లీ కాస్త బిగుసుకునే ఉంటాయి.

ఏ మాట వాడాలన్న దానిలోనూ జాగ్రత్త అవసరం. 'శ్వాస'లో శకారం, సకారం రెండూ ఉన్నాయి. మైకుకి దగ్గరగా మెల్లగా మాట్లాడితే ఆ బుసబుస ఫోన్ స్పీకర్‌లో మరీ ఎత్తుగా వినిపిస్తుంది. 'ఊపిరి' గొంతుకి మెత్తగా ఉంటుంది. అయితే "ఊపిరి తీయండి" అనకండి. 'తీసుకోండి'కీ 'తీయండి'కీ మధ్య ప్రాణమంత తేడా ఉంది! "శ్వాస విడవండి" అన్నా పేపర్లో 'తుది శ్వాస విడిచారు' అన్న వార్తే గుర్తొస్తుంది. ఆరో ఊపిరి దగ్గర "ఇది చివరి శ్వాస" అని ముగించిన వాళ్లూ ఉన్నారు. ఇన్ని చిక్కులు లేకుండా "పీల్చండి", "వదలండి" అంటే సరిపోతుంది. పిల్లల కోసమైతే "పీల్చు", "వదులు". "గుండెల నిండా పీల్చండి", "దీర్ఘంగా పీల్చండి" అన్నవి వద్దు. నిమిషానికి ఆరుసార్లు మెల్లగా తీసుకోవాల్సిన ఊపిరిని జనం ఆ మాట విని బలంగా లాగుతారు. అవసరానికి మించి గాలి ఆడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, పెదాలు, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి. వ్యాఖ్యల్లో ఎవరైనా "చేస్తుంటే కళ్లు తిరిగాయి" అని రాస్తే ముందు మీరు వాడిన విశేషణం చూసుకోండి. "మెల్లగా" ఒక్కటి చాలు.

ఆజ్ఞ ఎప్పుడు పడాలి? "పీల్చండి" అనడానికి ముప్పావు సెకను పైన పడుతుంది. నాలుగు సెకన్ల పూరకం మొదలైన క్షణాన ఆ మాట మొదలుపెడితే, వినేవాళ్లు అది పూర్తయ్యాక పీల్చడం మొదలుపెడతారు. వాళ్లకి మిగిలేది మూడు సెకన్లే. కాబట్టి మాట ముందే మొదలై, దాని ఆఖరి అక్షరం సరిగ్గా మలుపు మీద పడాలి. ఇలా చేస్తే లూప్‌లో ఒక చిత్రం జరుగుతుంది. మొదటి ఊపిరికి చెందిన "పీల్చండి" వీడియో మొదట్లో కాక వీడియో చివర్లో, 59వ సెకనులో ఉంటుంది. మొదటిసారి వచ్చినవాళ్లు దాన్ని వినరు కాబట్టి వాళ్ల కోసం మొదటి ఫ్రేమ్‌లోనే తెర మీద 'పీల్చండి' అని అక్షరాలు ఉంచండి. అవి రెండు సెకన్లలో కరిగిపోవాలి.

4-6 పద్ధతికి గొంతు మొత్తం ఇలా పడుతుంది. 3.2 సెకను దగ్గర "వదలండి". 6 దగ్గర, వదులుతుండగా "ఒకటి". 9.2 దగ్గర "పీల్చండి". 13.2 దగ్గర "వదలండి", 16 దగ్గర "రెండు". ఇక్కడి నుంచి ఆజ్ఞలు ఆపేయాలి. 26 దగ్గర "మూడు", 36 దగ్గర "నాలుగు", 46 దగ్గర "ఐదు". ఐదో ఊపిరి వదలడం అయిపోక ముందే, 47.5 దగ్గర "భుజాలు వదులుగా". 56 దగ్గర "ఆరు". 59.2 దగ్గర "పీల్చండి", అది సున్నాలోకి ఒలికిపోతుంది. మొత్తం కలిపినా గొంతు వినిపించేది పది సెకన్ల లోపే, మిగిలిన యాభై మౌనం. కాగితం మీద ఇది మరీ తక్కువనిపిస్తుంది, మధ్యలో ఒక మంచిమాట పెట్టాలని చేతులు లాగుతాయి. వీడియోని వరసగా అయిదుసార్లు విన్నాక కూడా ఆ కోరిక ఉంటే అప్పుడు చూడండి.

రికార్డింగ్‌లో రెండు సంగతులు ఈ రకం వీడియోకే ప్రత్యేకం. అంకెల్ని వరసగా చదివితే ఆఖరి అంకె దగ్గర మన గొంతు సహజంగా కిందికి దిగి 'అయిపోయింది' అన్న సూచన ఇస్తుంది. లూప్‌లో ఆరు దగ్గర అలా ముగింపు వినిపించకూడదు. ఏడు, ఎనిమిది దాకా చదివి, ఆ రెంటినీ కోసేయండి. అప్పుడు 'ఆరు' ఇంకా ముందుకి నడిచే స్వరంలో ఉంటుంది. రెండోది, చదివే మనిషి ఊపిరి చప్పుడు. "వదలండి" అనడానికి ముందు మనం గాలి పీల్చుకుంటాం. ఆ సన్నని చప్పుడు రికార్డులో ఉంటే వినేవాళ్లు తెలియకుండానే దాన్ని అనుసరిస్తారు. వాళ్ల ఛాతీ అప్పటికే నిండి ఉంటుంది. ప్రతి మాట ముందున్న ఆ చప్పుడు తీసేయాల్సిందే.

అలా తీసినప్పుడు ఇంకో తంటా వస్తుంది. గదిలో ఫ్యాన్ తిరుగుతూ ఉండగా రికార్డు చేస్తే, మాటతో పాటు ఆ హోరు వచ్చి మాటతోనే మాయమవుతుంది. ఒక్కో అంకె వెనక ఒక్కో చిన్న గాలివాన అన్నమాట. నాయిస్ రిడక్షన్ పెడితే హోరు పోయి, మాట నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది. ఫ్యాన్ ఆపి, పరుపు వైపో బట్టల బీరువా వైపో తిరిగి, ఫోన్‌ని నోటికి జానెడు దూరంలో, సూటిగా కాక కాస్త పక్కకి పెట్టి చదవండి. సూటిగా పెడితే 'పీల్చండి'లోని పకారం గాలి మైకుకి తగిలి టప్‌మంటుంది. మాట నెమ్మదిగా కావాలంటే నెమ్మదిగా చదవాలి, సాఫ్ట్‌వేర్‌లో సాగదీయకూడదు. సాగదీసిన అచ్చుల్లో రేకు మోత వస్తుంది.

వెనక ధ్వని: తంబురా, శ్రుతి పెట్టె, అలలు

తంబురా మీటు అందరికీ ఇష్టమే, కానీ దానికి సొంత చుట్టు ఉంది. నాలుగు తీగలూ మీటి మళ్లీ మొదటి తీగకి వచ్చే కాలం మీ పది సెకన్లలో నిండుగా ఇమడాలి. అయిదు సెకన్ల చుట్టు అయితే ఊపిరికి రెండు, నిమిషానికి పన్నెండు. 4.3 సెకన్ల చుట్టు అయితే అతుకు దగ్గర తీగ సగంలో తెగుతుంది. వేగం మార్చుకోగల ఎలక్ట్రానిక్ తంబురాతో దీన్ని సరిపెట్టవచ్చు, అసలు తంబురా రికార్డుతో కష్టం. శ్రుతి పెట్టె నాదం ఎడతెగకుండా ఉంటుంది కాబట్టి ఎక్కడ కత్తిరించినా అతుకుతుంది. కొత్తగా చేసేవాళ్లకి అదే సులువు. సముద్రపు అలల ధ్వని మాత్రం వద్దు. ప్రతి అలా ఒక ఊపిరిలాగే లేచి పడుతుంది, అది మీ లెక్కతో కలవదు. వినేవాళ్ల ఛాతీ మీ గొంతు మాట వినాలో అల మాట వినాలో తేల్చుకోలేదు. సన్నగా కురిసే వాన అయితే ఆ పోటీ లేదు.

ఏది వాడినా మరీ కింది స్థాయి నాదం పనికిరాదు. అరవై డెబ్భై హెర్ట్జ్ గంభీర నాదం హెడ్‌ఫోన్‌లో ఒళ్లు నిమిరినట్టుంటుంది, ఫోన్ స్పీకర్‌లో అసలు వినపడదు. మిగిలేది అంకెలూ నిశ్శబ్దమూ మాత్రమే.

ఇక అసలు కిటుకు. వీడియో లూప్ అయ్యేటప్పుడు చాలా ఫోన్లలో ధ్వని ఒక్క క్షణం తెగుతుంది. ఆడియోని కుదించే పద్ధతి వల్ల ఫైలు మొదట్లో సెకనులో యాభయ్యో వంతు పైచిలుకు ఖాళీ చేరుతుంది, ఆపైన యాప్ మళ్లీ మొదలుపెట్టడానికి తీసుకునే సమయం ఒకటి. మీ చేతుల్లో లేని విషయం ఇది. కాబట్టి దాన్ని దాచాలి. నాదం ఒకే ఎత్తున ఉంటే ఆ తెగడం టిక్‌మని వినిపిస్తుంది. నాదాన్ని ఊపిరితో పాటు పెంచి తగ్గించండి. పీల్చే నాలుగు సెకన్లలో మెల్లగా పెరిగి, వదిలే ఆరు సెకన్లలో తగ్గుతూ, చుట్టు చివర దాదాపు వినపడనంతగా కావాలి. ఆరు ఊపిర్ల చివరా ఒకేలా తగ్గుతుంది కాబట్టి అరవయ్యో సెకను దగ్గర ధ్వని తెగినా అది ఆరో తగ్గుదలలో కలిసిపోతుంది. కళ్లు మూసుకున్నవాళ్లకి ఎప్పుడు పీల్చాలో, ఎప్పుడు వదలాలో కూడా ఈ ఎత్తుపల్లమే చెబుతుంది. అంటే ఒక పనికి రెండు ఫలితాలు.

దృశ్యం

పెరిగి తగ్గే వలయం, లేదా ప్రకృతి దృశ్యం. ఈ రెంటిలో వలయమే పని చేస్తుంది, ప్రకృతి అలంకారం మాత్రమే. దీపం జ్వాల సెకనుకి అనేకసార్లు రెపరెపలాడుతుంది, దాన్ని చూస్తూ నిమిషానికి ఆరు ఊపిర్లు తీసుకోవడం కష్టం. నది, మంచు, మేఘం లాంటివి వలయం వెనక మసకగా ఉంటే ఇబ్బంది లేదు. వాటిని లూప్ చేయడానికి 62 సెకన్ల ముక్క తీసుకోండి. మొదటి రెండు సెకన్లు కోసి, చివరి రెండు సెకన్ల మీద కరిగేలా పెట్టండి. అప్పుడు అరవయ్యో సెకను తర్వాత వచ్చే దృశ్యం సహజంగా దాని కొనసాగింపే అవుతుంది. ముందుకి ఆడించి వెనక్కి ఆడించే పద్ధతి మంచు తెరకి చెల్లుతుంది గానీ, నీళ్లు ఎగువకి పారుతుంటే ఎవరికైనా తెలిసిపోతుంది.

వలయం 1080 పిక్సెళ్ల వెడల్పు తెర మీద 320 నుంచి 760 దాకా పెరగనివ్వండి. అంతకన్నా పెద్దదైతే కుడివైపు బటన్ల కిందికి పోతుంది. తెర కింది భాగం శీర్షికకి పోతుంది కాబట్టి వలయాన్ని నడుమ కన్నా కాస్త పైకి జరపాలి. కదలిక ఒకే వేగంతో ఉంటే మలుపు దగ్గర బంతి గోడకి కొట్టుకున్నట్టుంటుంది, అందుకని మొదట్లో చివర్లో నెమ్మదించే ఈజ్ పెడతాం. దానికో లోపం ఉంది. నాలుగు సెకన్లలో 440 పిక్సెళ్లు పెరిగే వలయం ఈజ్ పెట్టాక మొదటి అరసెకనులో 17 పిక్సెళ్లే పెరుగుతుంది. చూసేవాళ్లకి మలుపు తిరిగిందని తెలిసేసరికి ముప్పావు సెకను పోతుంది. మలుపు క్షణాన వలయం అంచు రంగు కొద్దిగా మారితే ఆ ఆలస్యం పోతుంది. పీల్చేటప్పుడు పసుపు, వదిలేటప్పుడు నీలం, అంతే.

రాత్రి చూసేవాళ్లు ఎక్కువ కాబట్టి నేపథ్యం చీకటిగానే ఉండాలి. కానీ ముదురు రంగులో మెల్లగా మారే ఛాయలు అప్‌లోడ్ అయ్యాక చెట్టు మొద్దు మీద వలయాల్లా గీతలు గీతలుగా విరుగుతాయి. మీ ఎడిటర్‌లో కనపడదు, ఫోన్‌లో కనపడుతుంది. పైన పలచగా గ్రెయిన్ చల్లితే చాలా వరకు పోతుంది.

ఎక్కించే ముందు

ప్రాజెక్టు సెకనుకి 30 ఫ్రేములకి పెట్టండి, 29.97కి కాదు. 29.97 దగ్గర 1800 ఫ్రేములంటే 60.06 సెకన్లు. నిమిషం గీత దాటిపోవడమే కాక, గొంతు ట్రాకు సరిగ్గా అరవై దగ్గర ఆగిపోయి రెండు ఫ్రేములు మూగగా మిగులుతాయి. 30 దగ్గర ఊపిరికి 300 ఫ్రేములు: 120 పీల్చడానికి, 180 వదలడానికి. సున్నా నుంచి 1799 దాకా ఎగుమతి చేయండి. 1800వ ఫ్రేము సున్నా ఫ్రేమే, దాన్ని కూడా చేరిస్తే అతుకు దగ్గర వలయం ఒక ఫ్రేము సేపు నిలబడిపోతుంది.

ఎగుమతి అయ్యాక ఫైలుని మూడుసార్లు వరసగా అతికించి ఫోన్‌లో వినండి. కంప్యూటర్‌లో ffmpeg అనే ప్రోగ్రామ్‌తో ఇలా:

```
ffmpeg -stream_loop 2 -i nimisham.mp4 -c copy moodu.mp4
```

మొదట కళ్లు మూసుకుని వినాలి. అరవై, నూట ఇరవై సెకన్లు ఎప్పుడు దాటాయో తెలిసిపోతే ధ్వని అతుకు సరిగా లేదు. చాలాసార్లు తప్పు నాదంలో కాదు, 'ఆరు' స్వరంలో ఉంటుంది. తర్వాత ధ్వని పూర్తిగా ఆపి, బొమ్మని మాత్రం చూస్తూ ఊపిరి తీసుకోండి. రెండో నిమిషంలో గాలి చాలనట్టు అనిపిస్తే, పీల్చే సమయం ఈజ్ వల్ల తగ్గిపోతోందన్నమాట. ముందు అంచు రంగు మారే ఫ్రేము చూడండి, అది 0, 300, 600 దగ్గరే ఉందా లేక నాలుగైదు ఫ్రేములు వెనక పడిందా అని. చివరిగా యాప్‌లో ప్రైవేట్‌గా ఎక్కించి, మధ్యరకం ధర ఫోన్ ఒకదానిలో హెడ్‌ఫోన్ లేకుండా వినండి. అక్కడ అంకెలు తేటగా వినపడుతూ, నాదం వాటి కింద ఉందో లేదో అన్నంతగా ఉంటే ఎక్కించేయవచ్చు.